గిన్నెలో రూపాయి బిళ్ల



నాది నాలుగో తరగతి చదువు. సోలాపూర్ గిరణిలో వైండింగ్ ఖాతాలో పని చేశాను. గిరణి మూతబడ్డాక పవర్‌లూమ్ కార్ఖానాలో కండెలు చుట్టాను. ఇప్పుడు కళ్లూ మోకాళ్లూ రెండూ సహకరించక ఇంట్లో మనవడిని చూసుకుంటున్నాను. పోయిన ఎండాకాలం మా ఇంట్లో ఫ్రిజ్ దగ్గర నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. మన ఇండ్లలో కోడళ్లు, బిడ్డలు పిల్లలను మనకు అప్పజెప్పి పనికి పోతున్నారు. నా తప్పు తెలిస్తే ఇంకో ముసలిది ఆ తప్పు చెయ్యకుండా ఉంటుందని రాస్తున్నాను.

మా కోడలు స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్‌లో పని చేస్తుంది. చిన్నోడికి నాలుగో నెల నిండగానే పనికి రమ్మన్నారు. పోకపోతే మిషన్ ఇంకొకరికి ఇస్తారు. పొద్దున తొమ్మిదికి పోతే సాయంత్రం ఆరున్నరకు గానీ ఇల్లు చేరదు. వాడి పాల సంగతి ఏమిటని అడిగితే, "నా పాలే పిండి ఫ్రిజ్‌ల పెట్టి పోత అత్తమ్మా, నువ్వు తాపితే సాలు" అంది.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. మన సోలాపూర్ ఎండకు పొద్దున కాచిన ఆవు పాలు మధ్యాహ్నానికి విరుగుతాయి. తల్లి పాలు నిలువ పెట్టడమేమిటి? పాత పాలు పసివాడికి పోస్తామా? "అవి విషమైతయే పిల్లా" అన్నాను. ఆమె ఎదురు మాట్లాడలేదు. కాన్పు అయిన దవాఖానకు మళ్లీ సూదికి పోయినప్పుడు నన్ను వెంట తీసుకుపోయి, అక్కడి నర్సమ్మ ముందు కూర్చోబెట్టింది. ఆ నర్సమ్మ మన తెలుగు పిల్లే. నేను అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పింది.

ముందు చెప్పింది చేతులు, గిన్నెల మాట. పాలు పిండే ముందు చేతులు సబ్బుతో రుద్ది కడగాలి. వెడల్పు మూతి ఉన్న స్టీలు గిన్నె కడిగి, నీళ్లలో మరగబెట్టి, బట్టతో తుడవకుండా ఆరనివ్వాలి. పాలు దాచేందుకు మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బీలు చాలు. కోడలు ఏడు డబ్బీలు కొన్నది, ఒక్కొక్క దాంట్లో అరవై మిల్లీలీటర్లు పోసేది. పిల్లవాడు ఒకసారి తాగేంత కంటే ఎక్కువ ఒక డబ్బీలో పోస్తే మిగిలింది పారబొయ్యాలి, అందుకని కొంచెం కొంచెం. గడ్డ కట్టేటప్పుడు పాలు ఉబ్బుతాయి కాబట్టి పైన ఒక వేలు మందం ఖాళీ వదలాలి.

తర్వాత చెప్పింది గంటల మాట. ఇరవై అయిదు డిగ్రీలు దాటని చల్లటి గదిలో అయితే పిండిన పాలు నాలుగు గంటలు బయట ఉండవచ్చు. "మీ ఇంట్ల ఎండాకాలం గంత సల్లగ ఉంటదా అమ్మా?" అని ఆమే నన్ను అడిగింది. రేకుల ఇంట్లో నలభై డిగ్రీలు ఉన్నప్పుడు ఆ నాలుగు గంటల లెక్క మనది కాదు. పిండగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లోపల, వెనుక గోడకు దగ్గరగా పెడితే నాలుగు రోజుల వరకు ఉంటాయి. తలుపు అరలో పెట్టకూడదు. తలుపు తీసినప్పుడల్లా మొదట వేడెక్కేది ఆ అరే. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు పొద్దంతా తీస్తూనే ఉంటాం, కరెంటు కూడా పోతుంటుంది, అందుకని మేము రెండు రోజులే లెక్క పెట్టుకున్నాం. అంతకంటే ఎక్కువ రోజులు ఉంచాలంటే ఐసు పెట్టెలో గడ్డ కట్టించాలి. వేరే తలుపున్న పెద్ద ఫ్రీజర్లో నెలల తరబడి ఉంటాయట. మాది ఒకే తలుపు ఫ్రిజ్, లోపలే చిన్న ఐసు పెట్టె. దాంట్లో రెండు వారాలకు మించి ఉంచవద్దని చెప్పింది.

ఇవి నెల నిండి పుట్టిన, ఆరోగ్యంగా ఉన్న పిల్లల లెక్కలు. నెలలు తక్కువ పుట్టిన పిల్లలకు, జబ్బుగా ఉన్న పిల్లలకు డాక్టరు చెప్పిందే లెక్క అని కూడా అంది.

నేను అడిగాను, "మరి తాపే ముందు కాచాల్నా?" అని. వద్దంది. ఆవు పాలు, బర్రె పాలు మనం కాస్తాం, ఎందుకంటే కొట్టంలో నుంచి, ఎన్నో చేతుల్లో నుంచి వస్తాయి. తల్లి పాలలో రోగాన్ని అడ్డుకునే గుణం ఉంటుంది, కాస్తే అది చాలావరకు పోతుంది. "బొంబాయి సయాన్ దవాఖానల 1989ల తల్లి పాల బ్యాంకు పెట్టిన్రు, మన దేశంల అదే మొదటిది. ఒక తల్లి పాలు ఇంకో తల్లి బిడ్డకు ఇస్తరు గనుక, బ్యాంకులల్ల పాలను అరవై రెండున్నర డిగ్రీల కాడ అర్ధ గంట వెచ్చబెడ్తరు. మరగనియ్యరు. మీ కోడలు పాలు మీ మనవనికే గదా, మీకు అది గూడ అక్కర లేదు" అంది. నాకు ఆ మాట బుర్రకెక్కింది.

ఇంటికి వచ్చాక పని గిరణి పనిలాగే సాగింది. మా వైండింగ్ ఖాతాలో ప్రతి కోను లోపల చీటీ ఉండేది. ఏ నంబరు నూలు, ఏ రోజు చుట్టింది అని. గోదాంలో పాత సరుకు ముందు పోవాలి, కొత్తది వెనక్కి పోవాలి. కోడలు ప్రతి డబ్బీ మీద తెల్ల పట్టీ అంటించి తేదీ, గంట రాసేది. నాలుగో తరగతి చదువు నాకు అందుకు చాలింది. పాతది ముందు, కొత్తది వెనుక. ఇప్పుడే పిండిన వెచ్చటి పాలు గడ్డ కట్టిన పాల మీద పోసేది కాదు, ఎందుకంటే పై గడ్డ కరుగుతుంది. రెండు పూటల పాలు కలపాలంటే కొత్తవి కూడా ఫ్రిజ్‌లో చల్లబడ్డాక కలిపి, పాత తేదీనే రాసేది.

ఆమె యూనిట్‌లో ఫ్రిజ్ లేదు. మధ్యాహ్నం భోజనం గంటలో బట్టల థాన్లు పెట్టే గదిలో పరదా వేసుకుని పిండేది. మందమైన సంచిలో, మా ఐసు పెట్టెలోనే గట్టిపడ్డ ఐసు పొట్లాల మధ్య డబ్బీ పెట్టుకుని తెచ్చేది. ఐసు పొట్లాలు గట్టిగా ఉన్నంతసేపు ఆ సంచిలో ఒక రోజు వరకు ఉంటాయట. ఇంటికి రాగానే చెప్పులు విప్పకముందే ఫ్రిజ్‌లో పెట్టేది.

తాపే పని నాది. రాత్రి తొమ్మిదింటికి, రేపటికి కావలసిన డబ్బీలు ఐసు పెట్టెలో నుంచి తీసి కింది అరలో పెట్టేదాన్ని. పొద్దున్నకి కరిగేవి. పూర్తిగా కరిగిన గంట నుంచి ఇరవై నాలుగు గంటల లోపల వాడాలి. ఐసులో నుంచి తీసిన గంట నుంచి కాదు, గడ్డ అంతా పోయిన గంట నుంచి. తొందరగా కావాలంటే డబ్బీని గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. గట్టు మీద పెట్టి దానంతట అదే కరుగుతుందిలే అని వదలకూడదు. అంచు పాలు కరిగి వేడెక్కేసరికి నడుమ ఇంకా గడ్డే ఉంటుంది.

తాపేటప్పుడు కావలసినన్ని పాలు చిన్న గిన్నెలో పోసి, ఆ గిన్నెను గోరువెచ్చటి నీళ్లలో పెడతాను. పొయ్యి మీద పెట్టను. పక్కింట్లో కరెంటు ఓవెన్ ఉంది, అందులో కూడా పెట్టను. దాంట్లో పాలు ఒకచోట చల్లగా, ఒకచోట మరిగి ఉంటాయి, పసివాడి నాలుక కాలుతుంది. మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని చూస్తాను. చల్లదనం, వేడి రెండూ తెలియకపోతే సరిపోయినట్టు. తర్వాత ఉగ్గుగిన్నెతో తాపుతాను. వాడి నోటికి తగిలిన ఉగ్గుగిన్నె మళ్లీ డబ్బీలో ముంచను. వెచ్చబెట్టిన పాలు రెండు గంటల లోపల అయిపోవాలి, మిగిలితే పారబొయ్యాలి. డబ్బీలో చల్లగా మిగిలినవి మాత్రం మళ్లీ ఫ్రిజ్‌లోకే పోతాయి, వాటి ఇరవై నాలుగు గంటల్లోనే.

మొదటి రోజు నేను పారబోయబోయిన సంగతి కూడా చెప్పాలి. డబ్బీ మూత తీస్తే పైన పసుపుపచ్చగా మీగడ, కింద నీళ్లు నీళ్లుగా ఉన్నాయి. విరిగాయనుకున్నాను. కోడలికి ఫోన్ చేస్తే, "మెల్లగ తిప్పు అత్తమ్మా, కలుస్తది" అంది. డబ్బీని చేతిలో పట్టుకుని మెల్లగా తిప్పితే కలిసిపోయాయి. అది వెన్న పైకి తేలడమే. కొందరి పాలు నిలువ ఉంటే కొంచెం సబ్బు వాసన వస్తాయి, దాంతో కూడా నష్టం లేదు. పుల్లటి వాసన వస్తే మాత్రం పారబొయ్యాలి. కానీ వాసన రాలేదు గనుక మంచివే అని చెప్పలేం. అందుకే పట్టీ మీది తేదీని నమ్మాలి గానీ ముక్కును కాదు.

ఇక రూపాయి బిళ్ల సంగతి. కోడలు ఒక చిన్న గిన్నెలో నీళ్లు పోసి గడ్డ కట్టించి, దాని మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి ఐసు పెట్టెలో మూలకు ఉంచింది. దేవునికి ముడుపు కట్టిందేమో అనుకుని అడగలేదు.

ఆ రోజు మంగళవారం. ఐసు పెట్టె గోడలకు ఐసు మందంగా పేరుకుని డబ్బీలు ఇరుక్కున్నాయి. మరుసటి రోజుకు డబ్బీలు దించడానికి ఇబ్బంది అవుతుందని, పది గంటలకు ఐసు కరిగించే బొత్తాం నొక్కాను. పది నిమిషాల్లో వదులైతే చాలని నా ఆలోచన. ఇంతలో చిన్నోడు ఏడ్చాడు. వాడి కోసం ఆ రోజుకు కరిగించిన పాలు తాపి, ఊయలలో పడుకోబెట్టి, పక్కన నేనూ నడుము వాల్చాను. లేచేసరికి రెండు.

ఫ్రిజ్ తలుపు తీశాను. కింది పళ్లెం నిండా నీళ్లు. బొత్తాం దానంతట అదే బయటికి వచ్చింది, మిషను మళ్లీ నడుస్తోంది. ఆ ఫ్రిజ్‌లు అంతే. ఐసు కరిగాక బొత్తాం తనే లేచి, మళ్లీ చల్లదనం మొదలవుతుంది. డబ్బీ ఒకటి తీసి చెవి దగ్గర ఊపితే లోపల పాలు గలగలమన్నాయి. ఏడు డబ్బీలూ ఊపి చూశాను. అన్నీ కదులుతున్నాయి.

నిజం చెప్తున్నాను, నేను తలుపు మూసేశాను. సాయంత్రానికి అవి మళ్లీ రాళ్లలా గడ్డ కడతాయి. పట్టీ మీద పాత తేదీ అట్లనే ఉంటుంది. పళ్లెంలో నీళ్లు పారబోస్తే ఎవరికీ తెలియదు. ఏడు డబ్బీలు కోడలి అయిదారు రోజుల కష్టం. రాత్రి అందరూ పడుకున్నాక లేచి కూర్చుని పిండిన పాలు. అవి పారబొయ్యమని ఎట్లా చెప్పను?

ఇంకో సంగతి కూడా నా గొంతులో అడ్డం పడ్డది. 1983లో నా కొడుకు, అంటే చిన్నోడి తండ్రి, మూడు నెలల పిల్లవాడు. గిరణి బొంగా మోగితే వాడిని మా అత్త దగ్గర వదిలి పరుగెత్తేదాన్ని. గిరణిలో పాలనాఘర్ పేరుకే ఉండేది, దాని తాళం తీసింది నేను చూడలేదు. పది గంటలకల్లా రొమ్ములు రాళ్లలా అయ్యేవి, రవికె తడిసేది. బాత్‌రూమ్‌లోకి పోయి గోడకు ఆనుకుని మోరీలోకి పిండేదాన్ని. ఇంట్లో వాడికి సగం నీళ్లు కలిపిన ఆవు పాలు సీసాలో పట్టేవాళ్లు. వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకుని సర్కారు దవాఖానలో అయిదు రోజులు సెలైన్ మీద ఉన్నాడు. కళ్లు లోపలికి పోయి, ఏడ్చినా నీళ్లు రాలేదు. బతికాడు. కానీ పాలు మోరీలోకి పోయిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ఇంకోసారి తల్లి పాలు మోరీలో పొయ్యమంటే నా చెయ్యి రాదు.

అట్లా తలుపు దగ్గర నిలబడి ఉంటే నర్సమ్మ చెప్పిన ఒక మాట గుర్తుకొచ్చింది. కరిగిన పాలు మళ్లీ ఎందుకు గడ్డ కట్టించకూడదని నేను అడిగినప్పుడు ఆమె ఇట్లా చెప్పింది. చలి క్రిములను చంపదు, పడుకోబెడుతుంది అంతే. ఎంత శుభ్రంగా పిండినా పాలలో కొన్ని ఉంటాయి. తాజా పాలకు వాటిని అణిచే బలం ఉంటుంది. గడ్డ కట్టి కరిగిన పాలకు ఆ బలం తగ్గుతుంది. కరిగినప్పుడు క్రిములు లేచి పెరగడం మొదలుపెడతాయి. మళ్లీ గడ్డ కట్టిస్తే పెరిగినవన్నీ పడుకుంటాయి. రెండోసారి కరిగించినప్పుడు పదితో కాదు, పెరిగిన ఆ పెద్ద మందతో మొదలవుతుంది. పైకి చూస్తే పాలు పాలలాగే ఉంటాయి.

నా కొడుకు సీసాలో పాలు కూడా పాలలాగే ఉండె.

ఫోన్ తీసి యూనిట్‌కు చేశాను. మిషన్ల చప్పుడులో, "నేను ఐసు బొత్తాం నొక్కి మర్సిపోయిన బిడ్డా, అన్ని కరిగినయి" అన్నాను. తిడుతుందనుకున్నాను. కొంచెంసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తర్వాత మిషన్ ఆపిన చప్పుడు వినబడ్డది.

"అత్తమ్మా, ఒక్కొక్క డబ్బీ మూత తీసి సూడు. లోపట ఐసు ముక్కలున్నయా, అంత నీళ్లేనా?"

చూశాను. వెనుక గోడకు ఆనుకుని ఉన్న రెండింట్లో నడుమ ఐసు గడ్డలు తేలుతున్నాయి. అయిదింట్లో ఐసు లేదు.

"డబ్బీలు చేతికి సల్లగున్నయా? ఫ్రిజ్ సల్లదనం ఉన్నదా?"

ఉంది. ఐసు పెట్టె తలుపు నేను తీయలేదు గనుక చల్లగానే ఉన్నాయి.

"అయితే ఏం గాలేదు. ఐసు ముక్కలున్న రెండింటిని మల్ల గడ్డ కట్టించవచ్చు, అవి పూర్తిగ కరగలే. అవి ఆడనే ఉంచు. ఐదింటిని కింది అరల వెనుకకు పెట్టు, ఇగ అవి పైకి పోవద్దు. గంటల లెక్క పొద్దున పది నుంచి పెట్టుకుందాం. రేపు పొద్దున పది దాకా తాపుదాం."

వెచ్చబడి ఉంటే ఏమి చేసేదానివని తర్వాత అడిగాను. "ఏడింటిని పారబోస్తుంటి అత్తమ్మా" అంది.

ఆ అయిదు డబ్బీలు ఎట్లా వాడామో చెప్తాను, ఇది తెలుసుకోవలసిన సంగతి. పాలు రెండున్నరకు ఒక డబ్బీ, అయిదున్నరకు ఒక డబ్బీ నేను తాపాను. ఆ రాత్రి కోడలు ఇంట్లోనే ఉంది కదా, మామూలుగా అయితే చనుబాలే ఇచ్చేది. కానీ ఎనిమిదిన్నరకు మూడో డబ్బీ నేను ఉగ్గుగిన్నెతో తాపాను. ఆ సమయానికే ఆమె అక్కడ కూర్చుని తాజా పాలు పిండి కొత్త డబ్బీలో పోసి, కొత్త పట్టీ రాసి, ఐసు పెట్టెలో పెట్టింది. పొద్దున ఆరున్నరకు నాలుగోది నేను తాపాను, ఆమె మళ్లీ పిండింది. అంటే కరిగిన పాలు వాడి కడుపులోకి పోయాయి, వాటి జాగాలో కొత్త పాలు ఐసులోకి పోయాయి. రాత్రి నడుమ మాత్రం పక్కలోనే చన్ను ఇచ్చింది. అయిదో డబ్బీ పది గంటలకు మిగిలింది. దాన్ని నేనే పారబోశాను. అరవై మిల్లీలీటర్లు. ఏడు పోతాయనుకున్న చోట ఒకటి పోయింది. నోరు మూసుకుని ఉంటే ఏడూ మళ్లీ గడ్డ కట్టేవి, వారం రోజులు వాడికి అవే తాపేదాన్ని.

ఆ రాత్రి కోడలు మూలనున్న గిన్నె తీసి నా చేతిలో పెట్టింది. నీళ్లు మళ్లీ గడ్డ కట్టాయి. రూపాయి బిళ్ల పైన లేదు, గిన్నె అడుగున ఐసు కింద ఉంది. "ఇందుకే పెట్టిన అత్తమ్మా. కరెంటు పొయ్యి మనం ఇంట్ల లేనప్పుడు కరిగి మల్ల గడ్డ కడితే డబ్బీలను సూస్తే తెల్వది. బిళ్ల మునిగితే తెలుస్తది" అంది.

అంటే నేను చెప్పకపోయినా ఆమెకు తెలిసేదే. నాకు సిగ్గయింది. "నువ్వు ఫోన్ చెయ్యకముందు బిళ్లను సూసినవా?" అని అడిగింది. లేదన్నాను. ముడుపు అనుకున్నానని చెప్తే చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను.

బిళ్ల పైనే ఉంటే కరగలేదని. సగం దిగితే కొంత కరిగిందని. అడుగున ఉంటే గిన్నె అంతా కరిగిందని. ఆ పెట్టెలో పాలను ఇక నమ్మకూడదు. ఎప్పుడు కరిగిందో, ఎంతసేపు అట్లా ఉన్నదో మనకు తెలియదు కాబట్టి ఇరవై నాలుగు గంటలు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. మా లెక్క కుదిరింది నేను బొత్తాం ఎప్పుడు నొక్కానో నాకు తెలుసు గనుక, చెప్పాను గనుక.

కరెంటు పోయినప్పుడు ఇప్పుడు మేము ఫ్రిజ్ తలుపు తీయం. ఐసు పేరుకుంటే ఆదివారం కోడలు ఇంట్లో ఉన్నప్పుడు, డబ్బీలను ఐసు పొట్లాల సంచిలోకి మార్చి, ఆ తర్వాతే బొత్తాం నొక్కుతాం. బొత్తాం మీద కోడలు తెల్ల పట్టీ అంటించి "అత్తమ్మా, ఆగు" అని రాసింది. చిన్నోడికి ఇప్పుడు ఎనిమిదో నెల, పప్పన్నం కూడా పెడుతున్నాం, డబ్బీలు నాలుగుకు తగ్గాయి.

మా ఎదురింటి పిల్ల వచ్చే నెల నుంచి తువాళ్ల కార్ఖానాకు పోతుంది, దానికి మూడు నెలల ఆడపిల్ల. వాళ్ల అత్త నిన్న మా ఇంటికి వచ్చి, నేను అప్పట్లో అన్న మాటే అంది, పాత పాలు విషమని. నేను ఫ్రిజ్ తెరిచి గిన్నె చూపించాను. బిళ్ల పైనే ఉంది. ఎందుకు పెట్టామో చెప్పాను, నేను చేసిన పని కూడా దాచకుండా చెప్పాను. పోతూ పోతూ, "రూపాయే పెట్టాల్నా, రెండు రూపాయల బిళ్ల నడుస్తదా?" అని అడిగింది. ఏదైనా నడుస్తుందని చెప్పాను.